లాక్ వేశాకే కుంచె పట్టాలి

రెండు ప్రోగ్రామ్ ఫైళ్లను కలపడం కంప్యూటర్‌కు తెలుసు. రెండు బొమ్మలను కలపడం తెలియదు. చిన్న గేమ్ బృందాల్లో, యానిమేషన్ స్టూడియోల్లో ఆర్టిస్టులకూ ప్రోగ్రామర్లకూ మధ్య వచ్చే చాలా తగాదాలకు మూలం ఇక్కడే ఉంది.

హైదరాబాద్‌లో ఐదుగురు కలిసి ఫోన్లో ఆడుకునే గేమ్ ఒకటి తయారు చేస్తున్నారనుకుందాం. ఒక ప్రోగ్రామర్, ఇద్దరు ఆర్టిస్టులు, ఒక యానిమేటర్, సౌండు చూసుకునే మనిషి ఒకరు. అందరి పనీ గిట్ అనే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఏ ఫైలును ఎవరు ఎప్పుడు ఎలా మార్చారో గుర్తుపెట్టుకోవడం, కావాలంటే పాత రూపాన్ని తిరిగి ఇవ్వడం దాని పని. ఇలా ఫైళ్లూ వాటి చరిత్రా కలిపి దాచిన చోటును రెపో అంటారు. గేమ్‌లో హీరో బొమ్మ `hero.psd` అనే ఫొటోషాప్ ఫైలులో ఉంది. ముఖం, బట్టలు, ఆయుధాలు అన్నీ వేర్వేరు లేయర్లు. ఫైలు సైజు 180 ఎంబీ.

సోమవారం పెద్ద ఆర్టిస్టు తన కంప్యూటర్‌లో హీరో బట్టల రంగు మార్చింది. అదే రోజు చిన్న ఆర్టిస్టు తన కంప్యూటర్‌లో అదే ఫైలుకు కత్తి లేయరు చేర్చాడు. సాయంత్రం ఆమె తన పనిని సర్వరుకు పంపింది, వెళ్లింది. అతను పంపబోతే గిట్ ఒప్పుకోలేదు, సర్వరులో కొత్త మార్పులున్నాయి, ముందు అవి తెచ్చుకో అంది. తెచ్చుకుని కలపబోతే తెర మీద ఇవి కనిపించాయి:

```
warning: Cannot merge binary files: art/hero.psd (HEAD vs. origin/main)
CONFLICT (content): Merge conflict in art/hero.psd
```

ఇదే ప్రోగ్రామ్ ఫైలయితే చిక్కు వచ్చేది కాదు. ప్రోగ్రామ్ అంటే వరుసలుగా రాసిన అక్షరాలు. ఒకరు 20వ వరుసా మరొకరు 200వ వరుసా మారిస్తే, గిట్ పాత ప్రతిని పక్కన పెట్టుకుని ఇద్దరి మార్పులనూ వరుస వరుసగా పోల్చి ఒకే ఫైలుగా కలిపేస్తుంది. ఫొటోషాప్ ఫైలులో వరుసలు లేవు. అందులో ఉన్నవి ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే అర్థమయ్యే అంకెలు, వాటిలో చాలా భాగం కుదించి పెట్టినవి. ఇలాంటి ఫైళ్లనే బైనరీ ఫైళ్లంటారు. ఒక లేయరు మారితే ఫైలు లోపల ఎక్కడెక్కడ ఏయే బైట్లు మారతాయో గిట్‌కు తెలియదు. అందుకే అది నీ ప్రతి ఉంచాలా, ఆమె ప్రతి ఉంచాలా అని మాత్రమే అడుగుతుంది. ఏది ఎంచుకున్నా ఒకరి రోజంతా పోయినట్టే. రెండు ప్రతులూ పక్కపక్కన తెరిచి కత్తి లేయరును చేత్తో లాగి ఇందులో వేయవచ్చు, నిజమే. లేయర్లున్న బొమ్మకు ఆ దారి ఉంది. ఇద్దరూ ఒకే త్రీడీ బొమ్మ ముఖాన్ని చెరో వైపు నుంచి సవరించి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

అసలు గిట్ ఇలాంటి పనికోసం పుట్టింది కాదు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం దాన్ని రాశాడు. అక్కడ ఉన్నవన్నీ వేల సంఖ్యలో చిన్న చిన్న అక్షరాల ఫైళ్లు. ఆ ఫైళ్ల మొత్తం చరిత్ర, మొదటి రోజు నుంచి నేటి వరకు, ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోనూ ఉండాలన్నది గిట్ పద్ధతి. అక్షరాలకు అది వరం. మన `hero.psd` సంగతి చూడండి. ఆరు నెలల్లో నలభై సార్లు మార్చి దాచితే నలభై ప్రతులు, సుమారు 7 జీబీ. గిట్ ప్రతుల మధ్య తేడాలను మాత్రమే దాచి చోటు మిగుల్చుకోగలదు కానీ, ముందే కుదించిన ఫైళ్ల దగ్గర ఆ ఉపాయం పెద్దగా పారదు. ఇది ఒక్క హీరో లెక్క. విలన్, గుర్రం, ఊరు, అడవి ఇంకా ఉన్నాయి. కొత్తగా చేరిన సౌండు మనిషికి కావలసింది నేటి గేమ్ మాత్రమే అయినా, ఆరు నెలల నాటి హీరో బట్టల రంగులన్నీ అతని కంప్యూటర్‌లోకి దిగాల్సిందే. పైగా గిట్‌హబ్ వంటి చోట 100 ఎంబీ దాటిన ఒక్క ఫైలును కూడా మామూలుగా తీసుకోరు. `hero.psd` అక్కడి గేటు దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి బరువు, రెండోది ఇద్దరు ఒకేసారి చేయి పెట్టడం. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ అనే తోడు సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ మందు ఉంది. అయితే ఒకటి వేసుకుంటే రెండోది దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు.

చెప్పుల స్టాండు టోకెన్

ఎల్‌ఎఫ్‌ఎస్‌ను గిట్‌హబ్ 2015లో బయటపెట్టింది. గుడి బయట చెప్పులు వదిలి టోకెన్ జేబులో వేసుకుని లోపలికి పోతాం కదా, అది చేసేది అదే. బరువైన ఫైలు వేరే గదిలో ఉంటుంది, గిట్ చరిత్రలో దాని టోకెన్ మాత్రమే ఉంటుంది. ఆ టోకెన్ ఇలా మూడు వరుసల అక్షరాల ఫైలు:

```
version https://git-lfs.github.com/spec/v1
oid sha256:9c1f6e0b7a52d384e1c90f4b6d2a8375f0e6b41c9d7a3258b6e4f10c2d9a7e35
size 188743680
```

మధ్య వరుస అసలు ఫైలులోని అంకెల నుంచి లెక్కగట్టిన గుర్తు. ఫైలులో ఒక్క బైటు మారినా ఆ గుర్తు మారిపోతుంది కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి చేతికి రాదు. చివరి వరుస ఫైలు బరువు, బైట్లలో. ఆర్టిస్టు ఈ టోకెన్‌ను మామూలుగా చూడనే చూడదు. సర్వరు నుంచి పని తెచ్చుకున్నప్పుడు ఎల్‌ఎఫ్‌ఎస్ టోకెన్ చదివి, ఆ ఒక్క ప్రతినే దించి, దాని స్థానంలో అసలు బొమ్మను పెడుతుంది. నలభై ప్రతుల చరిత్ర ఉన్నా కొత్త మనిషికి దిగేది 180 ఎంబీయే.

ఏర్పాటు నాలుగు వరుసల పని. మొదటి ఆదేశాన్ని ప్రతి ఒక్కరూ తమ కంప్యూటర్‌లో ఒకసారి ఇవ్వాలి. మిగతావి ఎవరో ఒకరు చేసి పంపితే చాలు.

```
git lfs install
git lfs track --lockable "*.psd" "*.blend"
git add .gitattributes
git commit -m "psd, blend: LFS + lock"
```

రెండో వరుస రెపోలోని `.gitattributes` అనే ఫైలులో, ఈ రకం ఫైళ్లను ఎల్‌ఎఫ్‌ఎస్‌కు అప్పగించమనీ వీటికి లాక్ ఉంటుందనీ రాస్తుంది. ఆ ఫైలు కూడా రెపోలోనే ఉంటుంది కాబట్టి నియమం అందరికీ ఒకేసారి చేరుతుంది. ఒక చిన్న విషయం: `*.psd` అని రాస్తే, కొన్ని కంప్యూటర్లలో `HERO.PSD` అని పెద్ద అక్షరాలతో ఉన్న ఫైలు ఆ నియమంలోకి రాదు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టాలని మొదటి రోజే అనుకుంటే ఆ గొడవ ఉండదు.

ఇదంతా మొదటి రోజే చేయాలి. ఆరు నెలలు గడిచాక చేస్తే కొత్త ప్రతులు మాత్రమే కొత్త గదిలోకి వెళ్తాయి, పాత బరువు చరిత్రలో అలాగే ఉంటుంది. దాన్ని కూడా తరలించడానికి `git lfs migrate import` ఉంది. కానీ అది చరిత్రను మొదటి నుంచి తిరగరాస్తుంది. ఆ తర్వాత ఐదుగురూ తమ పాత ప్రతులు పక్కన పెట్టి రెపోను మళ్లీ దించుకోవాలి. చేయదలిస్తే అందరూ తమ పని పంపేసిన ఒక శుక్రవారం సాయంత్రం చూసుకుని చేయడం మంచిది.

ఎల్‌ఎఫ్‌ఎస్ వల్ల చోటు ఆదా అవుతుందనే మాట తరచుగా వినిపిస్తుంది. మన కంప్యూటర్‌లో కొంత నిజం, సర్వరులో అబద్ధం. సర్వరులో నలభై ప్రతులూ నలభై పూర్తి ఫైళ్లుగా ఉంటాయి, తేడాలు మాత్రం దాచే ఉపాయం అక్కడ అసలే లేదు. మన కంప్యూటర్‌లోనూ బొమ్మ రెండు చోట్ల ఉంటుంది: మనం తెరిచే ఫైలు ఒకటి, `.git/lfs` ఫోల్డరులో దాని నకలు ఒకటి. డిస్కు నిండుతుంటే `git lfs prune` ఆదేశం, సర్వరుకు చేరిపోయిన పాత నకళ్లను తీసేస్తుంది.

బిల్లు మాత్రం ఎక్కువగా దించుకోవడం దగ్గరే పెరుగుతుంది. రెపోలను ఉంచుకునే కంపెనీల్లో కొన్ని రెండు లెక్కలు వేస్తాయి, ఎంత దాచారు, నెలలో ఎంత దించుకున్నారు అని. ఐదుగురు మనుషులు దించుకునేది పెద్ద లెక్క కాదు. గేమ్‌ను తనంతట తాను కట్టి పరీక్షించే బిల్డ్ మిషన్ ఒకటి ఉంటే లెక్క మారిపోతుంది. నేటి ఫైళ్లన్నీ కలిపి 12 జీబీ ఉండి, ఆ మిషన్ ప్రతిసారీ మొదటి నుంచి దించుకుంటూ రోజుకు పది బిల్డులు చేస్తే రోజుకు 120 జీబీ. నిజానికి బిల్డ్‌కు `hero.psd` అక్కర్లేదు, దాని నుంచి తీసిన `.png` చాలు. ప్రోగ్రామర్‌కూ అంతే. అందుకే అసలు బొమ్మలు ఒక ఫోల్డరులో, గేమ్‌లోకి వెళ్లేవి ఇంకో ఫోల్డరులో పెట్టుకుని, అక్కర్లేని కంప్యూటర్‌లో ఇలా చెప్పుకోవచ్చు:

```
git config lfs.fetchexclude "art/source"
```

ఇక దించుకునే కోటా అయిపోయినా, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఎల్‌ఎఫ్‌ఎస్ సరిగా లేకపోయినా దాని గుర్తు ఒక్కటే. ఫొటోషాప్ ఫైలును తెరవను పొమ్మంటుంది. ఆర్టిస్టు ఫైలు చెడిపోయిందని కంగారుపడుతుంది. ఫైలు బరువు చూడండి. 180 ఎంబీకి బదులు నూటముప్పై బైట్ల దగ్గర ఉంటే చెడిపోలేదు, చేతిలో ఉన్నది టోకెన్ మాత్రమే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన చూసిన మూడు వరుసలే కనిపిస్తాయి. కోటా సంగతి చూసుకుని `git lfs pull` ఇస్తే అసలు ఫైలు వస్తుంది.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి. ఎవరో `git lfs install` ఇవ్వకుండానే బొమ్మను చేర్చి పంపితే టోకెన్ బదులు అసలు బరువే గిట్ చరిత్రలోకి ఎక్కుతుంది. మిగతావాళ్లు పని తెచ్చుకున్నప్పుడు, టోకెన్‌గా ఉండాల్సిన ఫైలు టోకెన్‌గా లేదని ఎల్‌ఎఫ్‌ఎస్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చూసిన రోజే పట్టించుకోవాలి, ఎందుకంటే అది పాతబడే కొద్దీ చరిత్ర తిరగరాయడం తప్ప దారి ఉండదు.

ఒక్కరి చేతిలోనే

బరువు సంగతి ఇంతే. మన ఇద్దరు ఆర్టిస్టుల సోమవారం మాత్రం ఇంకా అలాగే ఉంది. ఎల్‌ఎఫ్‌ఎస్ పెట్టాక ఇద్దరూ ఒకేసారి `hero.psd` మారిస్తే మళ్లీ అదే చిక్కు వస్తుంది. లాక్ అవసరం అక్కడే.

ఆలోచన కొత్తదేమీ కాదు. సబ్‌వెర్షన్ అనే పాత వెర్షన్ కంట్రోల్‌లో 2005లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచే లాక్ ఉంది. ఎల్‌ఎఫ్‌ఎస్‌లోకి 2017లో, 2.0 వెర్షన్‌తో వచ్చింది. రెండింటి పద్ధతీ దాదాపు ఒకటే. `lockable` అని రాసిన ఫైళ్లన్నీ మన కంప్యూటర్‌లో చదవడానికి మాత్రమే వీలుగా, అంటే రీడ్-ఓన్లీగా దిగుతాయి. తెరిచి చూడవచ్చు, సేవ్ చేయబోతే సాఫ్ట్‌వేర్ అడ్డుపడుతుంది. ఆ అడ్డు పడటమే అసలు ఉపకారం. మరిచిపోయిన మనిషికి పని మొదట్లోనే గుర్తుచేస్తుంది, రోజంతా గీశాక కాదు. సరే, రోజంతా సేవ్ చేయకుండా గీసే ఆర్టిస్టులూ ఉంటారు. వాళ్లకు ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు.

మార్చాలనుకున్నవారు `git lfs lock art/hero.psd` అని ఇస్తారు. సర్వరు ఆ పేరు మీద లాక్ రాసుకుంటుంది, మన కంప్యూటర్‌లోని ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైలును రాయడానికి వీలుగా మారుస్తుంది. ఆ తర్వాత రెండో మనిషి అడిగితే ఇవ్వదు. ఎవరి దగ్గర ఏముందో `git lfs locks` అని అడిగితే చెబుతుంది:

```
art/hero.psd     pedda-art    ID:214
art/run.blend    animator     ID:209
```

ఇంతవరకు సులువే. చిన్న బృందాలు దెబ్బతినేది దీని తర్వాత. ఫైలు ఎవరి చేతిలో ఉందో లాక్ చెబుతుంది. మీ కంప్యూటర్‌లో ఉన్నది తాజా ప్రతి అవునా కాదా అన్నది దానికి పట్టదు. మూడు రోజుల కిందటి ప్రతి మీ దగ్గరుంటే దాని మీదే లాక్ ఇస్తుంది, నవ్వుతూ ఇస్తుంది. మీరు ఆ పాత ప్రతి మీద గీస్తారు. పంపేటప్పుడు అదే చిక్కు.

ముందు తాజా పని తెచ్చుకుని, తర్వాత లాక్ వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. మీరు తెచ్చుకున్నాక, లాక్ వేసే లోపు ఉన్న ఆ కాస్త సమయంలో అవతలి మనిషి తన పని పంపి లాక్ వదిలేయవచ్చు. ఐదుగురి బృందంలో అది అరుదే, కానీ సాయంత్రం ఆరుకు అందరూ ఒకేసారి పని ముగించే చోట మరీ అంత అరుదు కాదు. వరుస తిరగేస్తే ఈ సందు మూసుకుపోతుంది: ముందు లాక్, తర్వాత `git pull`, ఆ తర్వాతే ఫైలు తెరవడం. లాక్ మీ చేతికి వచ్చాక ఇంకెవరూ ఆ ఫైలును పంపలేరు కాబట్టి, అప్పుడు తెచ్చుకున్నదే ఆఖరి ప్రతి.

ఇందులో "ఆ తర్వాతే తెరవడం" అన్న మాట ఊరికే రాలేదు. ఫైలు ఫొటోషాప్‌లో ఉదయం నుంచి తెరిచే ఉంటే, `git pull` డిస్కు మీది ఫైలును మార్చినా ఫొటోషాప్ చూపించేది ఉదయం ప్రతినే. దాన్ని సేవ్ చేస్తే కొత్త ప్రతి మీద పాతది పడుతుంది. ఈసారి గిట్ చిక్కు కూడా చూపించదు, ఎందుకంటే దాని దృష్టిలో మీరు తాజా ప్రతి తీసుకుని కత్తి లేయరును కావాలనే తీసేశారు. నాకు తెలిసి ఆర్టు ఫైళ్లు మాయమయ్యే దారుల్లో ఇది అన్నిటికన్నా నిశ్శబ్దమైనది. వారం తర్వాత కత్తి ఏమైందని ఎవరో అడిగేదాకా బయటపడదు. చరిత్రలో పాత ప్రతి ఉంటుంది కాబట్టి కత్తి తిరిగి దొరుకుతుంది, ఈలోగా గీసిన వారం పనిలోకి దాన్ని చేత్తో చేర్చుకోవాలి.

వదిలేటప్పుడూ వరుస ముఖ్యమే. మార్పులు ఇంకా కమిట్ చేయకపోతే, అంటే గిట్ చరిత్రలోకి ఎక్కించకపోతే, `git lfs unlock` ఒప్పుకోదు, ఆపుతుంది. కానీ కమిట్ చేసి సర్వరుకు పంపడం మరిచిపోతే ఆపదు. లాక్ వదిలేస్తుంది, పని మాత్రం మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. అవతలి ఆర్టిస్టు నియమాలన్నీ పాటిస్తూ లాక్ వేసి, తాజా ప్రతి తెచ్చుకుని, మీ పని లేని బొమ్మ మీద గీయడం మొదలుపెడుతుంది.

బ్రాంచ్‌లుంటే ఇదే కథ ఇంకాస్త పెద్దదవుతుంది. ప్రోగ్రామర్లకు బ్రాంచ్ ప్రాణం, అసలు పనిని కదిలించకుండా పక్కన విడిగా పనిచేసుకుని బాగుంటే కలిపేస్తారు. లాక్ మాత్రం ఫైలు పేరు మీద ఉంటుంది, ఏ బ్రాంచ్ అన్నది మామూలుగా చూడదు. చిన్న ఆర్టిస్టు తన బ్రాంచ్‌లో కత్తి గీశాడు, పంపాడు, లాక్ వదిలాడు. పెద్ద ఆర్టిస్టు అసలు బ్రాంచ్‌లో లాక్ వేసింది, తెచ్చుకుంది. అక్కడ కత్తి లేదు, ఎందుకంటే అతని బ్రాంచ్ ఇంకా కలవలేదు. ఆమె రంగులు మార్చింది. రెండు వారాల తర్వాత బ్రాంచ్‌లు కలిపేటప్పుడు చిక్కు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. బ్రాంచ్ కలిసేదాకా లాక్ పట్టుకునే ఉండటం ఒక మార్గం, కానీ రెండు వారాలు హీరోను ఇంకెవరూ ముట్టకూడదంటే పని ఆగిపోతుంది. చిన్న బృందంలో ఆర్టిస్టులకు బ్రాంచ్‌లు వద్దనే నా అభిప్రాయం. వాళ్లు నేరుగా అసలు బ్రాంచ్‌లోనే పనిచేయాలి, ప్రయోగాలు చేయాలనుకుంటే వేరే పేరున్న ఫైలులో చేసుకోవాలి. ప్రోగ్రామర్లు దీనికి ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, వాళ్ల ఫైళ్లు కలుస్తాయి.

తాళం జేబులో వేసుకుని ఊరెళ్తే

యానిమేటర్ సంక్రాంతికి ఊరెళ్లాడు, `run.blend` లాక్ అతని పేరు మీదే ఉంది. ఫైలు అర్జెంటుగా కావాలి. రెపో మీద తగిన అధికారం ఉన్నవాళ్లు దాన్ని బలవంతంగా తీయవచ్చు:

```
git lfs unlock --force art/run.blend
```

దీనితో అతని ఫైలుకేమీ కాదు. కానీ అతని ల్యాప్‌టాప్‌లో పంపని పని ఉంటే, పండగ నుంచి వచ్చాక అది ఎక్కడా కలవదు. కాబట్టి ఆ ఆదేశానికి ముందు ఒక ఫోన్ కాల్. "పంపని పని ఏమైనా ఉందా?" అని అడిగితే చాలు. ఉంటే ఊళ్లోంచి పంపమనవచ్చు, లేదంటే ఫైలుకు నకలు తీసుకుని దానిలో పని సాగించవచ్చు.

లాక్ ఎంత గట్టిదో కూడా తెలిసి ఉండాలి. ఇంకొకరు లాక్ వేసిన ఫైలును మీరు పంపబోతే, పంపే ముందు మీ కంప్యూటర్‌లోని ఎల్‌ఎఫ్‌ఎస్ సర్వరును అడిగి చూసి ఆపుతుంది. గమనించండి, ఆపేది చాలావరకు మీ కంప్యూటరే. ఎల్‌ఎఫ్‌ఎస్ సరిగా పెట్టని కంప్యూటర్‌లో ఆ అడగడమే ఉండదు. మొదటిసారి పంపినప్పుడు, ఈ సర్వరుకు లాక్ సౌకర్యం ఉంది, ఈ వరుస ఇచ్చి తనిఖీని ఖాయం చేసుకో అని తెర మీద `locksverify` ఉన్న ఒక ఆదేశం చూపిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. దాన్ని అలాగే కాపీ చేసి ఇవ్వాలి. అలాగే రీడ్-ఓన్లీ గుర్తును ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఎవరైనా తీసేయవచ్చు. లినక్స్‌లో, మ్యాక్‌లో అయితే పాత ఫైలు మీద రాయకుండా కొత్త ఫైలు రాసి పేరు మార్చే పద్ధతిలో సేవ్ చేసే సాఫ్ట్‌వేర్లకు ఆ గుర్తు అడ్డే కాకపోవచ్చు. లాక్ అనేది మంచివాళ్ల మధ్య గుర్తు, దొంగను ఆపే తాళం కాదు. ఐదుగురి బృందానికి అది చాలు.

అన్ని ఫైళ్లకూ లాక్ పెట్టడం కూడా పొరపాటే. గేమ్‌లోకి వెళ్లే `.png`లు వందల్లో ఉంటాయి, `.psd` నుంచి మళ్లీ తీసుకోగలం. వాటికి ఎల్‌ఎఫ్‌ఎస్ చాలు, లాక్ అక్కర్లేదు. లాక్ పెట్టాల్సింది మళ్లీ తయారు చేయలేని మూల ఫైళ్లకు.

ఒకే ఫైలు కోసం రోజూ ఇద్దరు కాచుకుని కూర్చుంటున్నారంటే తప్పు లాక్‌ది కాదు, ఫైలుది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బ్లెండర్ స్టూడియో ఉచితంగా విడుదల చేసే తన యానిమేషన్ సినిమాల ఫైళ్లను గిట్‌లో కాకుండా సబ్‌వెర్షన్‌లో నడిపింది. అక్కడ గమనించాల్సింది ఫైళ్లను విడగొట్టిన తీరు. పాత్ర ఒక ఫైలు. ఒక్కో షాటుకు యానిమేషన్ ఒక ఫైలు, లైటింగ్ ఇంకో ఫైలు. షాటు ఫైలులో పాత్ర ఉండదు, పాత్ర ఫైలుకు లింకు ఉంటుంది. పాత్ర చొక్కా మారిస్తే అన్ని షాట్లలోనూ మారుతుంది. యానిమేటర్ షాటుకు లాక్ వేసుకుని పనిచేస్తుంటే, మోడలర్ పాత్రకు లాక్ వేసుకుని పనిచేస్తాడు. మన హీరోకూ అదే చేయవచ్చు. ఫొటోషాప్‌లో ఆయుధాలను వేరే ఫైలులో పెట్టి లింకు చేసిన స్మార్ట్ ఆబ్జెక్టుగా తెచ్చుకుంటే, బట్టలకు ఒకరు, కత్తికి ఒకరు లాక్ వేసుకుంటారు. ఆ సోమవారం ఇద్దరూ ఒకేసారి పనిచేసేవారు.

బృందంలో ఆర్టిస్టులే ఎక్కువై, ఇంకా ఏదీ మొదలుపెట్టకపోతే, గిట్‌ను పట్టుకుని వేలాడాల్సిన పని లేదు. సబ్‌వెర్షన్, పెద్ద గేమ్ స్టూడియోలు వాడే పెర్‌ఫోర్స్ రెండూ లాక్‌ను తమ పద్ధతిలో భాగంగా చూస్తాయి. గిట్ ఇప్పటికే ఉండి, ప్రోగ్రామర్ దాన్ని వదలనంటే ఎల్‌ఎఫ్‌ఎస్ సరైన రాజీ. నెల నెలా దించుకునే బిల్లు భారమైతే గిటీ వంటి ఉచిత సర్వరును ఆఫీసులోని ఒక కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు, అది ఎల్‌ఎఫ్‌ఎస్‌నూ లాక్‌లనూ నడుపుతుంది. బ్యాకప్ తీసేటప్పుడు మాత్రం రెపోతోపాటు ఎల్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరును కూడా తీయాలి. రెపోను మాత్రమే దాచుకున్నవారికి డిస్కు పాడైన రోజున చేతిలో మిగిలేవి టోకెన్లే.

ఇక ఈ ఆదేశాలన్నీ ఆర్టిస్టులు రోజూ టైపు చేస్తారని ఆశించడం అన్యాయం. వరుస తప్పకుండా ఉండాలంటే ప్రోగ్రామర్ రెండు చిన్న స్క్రిప్టులు రాసి ఇవ్వాలి. మొదలుపెట్టడానికి ఒకటి:

```
git lfs lock "$1" && git pull
```

ముగించడానికి ఒకటి:

```
git add "$1" && git commit -m "$2" &&
git pull --rebase --autostash &&
git push && git lfs unlock "$1"
```

మధ్యలో ఉన్న `&&` గుర్తులకు అర్థం, ముందు పని సరిగా అయితేనే తర్వాతది చేయమని. నెట్ పోయి పంపడం ఆగిపోతే లాక్ వదలదు, బొమ్మ ఆ ఆర్టిస్టు పేరు మీదే ఉంటుంది. అలా మధ్యలో ఆగినప్పుడు స్క్రిప్టును మళ్లీ నడిపితే, కొత్తగా కమిట్ చేయడానికి ఏమీ లేదంటూ మొదట్లోనే ఆగుతుంది. అప్పుడు ఆఖరి రెండు వరుసలను చేత్తో ఇవ్వాలి. స్క్రిప్టు పక్కనే ఆ మాట తెలుగులో రాసి పెడితే, రాత్రి పదకొండుకు ప్రోగ్రామర్‌కు ఫోన్ రాదు.